ఎన్నారై పేరు మీద పొలం: ముందు రిజిస్ట్రేషనా, ముందు నాలానా?

పాలమూరు_బిడ్డ
అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను, పాస్‌పోర్టు ఇండియాదే. షాద్‌నగర్ దాటాక ఒక ఊళ్లో మా నాన్నకు తెలిసిన రైతు 30 గుంటలు అమ్ముతున్నాడు. పట్టా భూమి, పాసుబుక్కు ఉంది, అప్పులేమీ లేవు. మధ్యవర్తి చెప్పేదేమిటంటే, "ఇప్పుడు వ్యవసాయ భూమిగానే తహసీల్దార్ ఆఫీసులో మీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిద్దాం, ఖర్చు తక్కువ అవుతుంది. ఆర్నెల్ల తర్వాత పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా అనుమతి పెట్టుకుంటే ఇల్లు కట్టుకోవచ్చు" అని. మా బ్యాచ్‌మేట్ ఒకడు మాత్రం ఎన్నారైలు పొలం కొనకూడదని అంటున్నాడు. వచ్చే నెల ఇండియా వస్తున్నాను. అడ్వాన్సు ఇవ్వాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.

భూమిపుత్ర
తమ్ముడూ, మీ ఫ్రెండు చెప్పింది కర్ణాటక, మహారాష్ట్ర సంగతి. అక్కడైతే రైతుకే పొలం అమ్మాలనే చట్టాలు ఉండేవి. కర్ణాటకలో 2020లో తీసేశారు, మహారాష్ట్రలో ఇంకా ఉంది. తెలంగాణలో అలాంటి రూలే లేదు. కొనేవాడు రైతా, ఉద్యోగా అని ఎవరూ అడగరు. పైగా భూ రికార్డుల పోర్టల్ ధరణిలో ఎన్నారైలు పాస్‌పోర్టుతో పాసుబుక్కు తీసుకోవడానికి వేరే ఆప్షన్ పెట్టారు. కొనకూడదంటే ఆ ఆప్షన్ ఎందుకిస్తారు? నేను పదిహేనేళ్లుగా ఈ ఏరియాలోనే భూములు చూపిస్తున్నాను, అమెరికా వాళ్లకు చాలా రిజిస్ట్రేషన్లు చేయించాను.

లెక్కల_మనిషి
భూమిపుత్ర గారూ, మీరు చెప్పిన మొదటి సగం నిజమే. తెలంగాణలో గానీ ఏపీలో గానీ కొనేవాడు రైతై ఉండాలనే నిబంధన లేదు. కానీ పాలమూరు_బిడ్డకు అడ్డం వచ్చేది రాష్ట్ర చట్టం కాదు, కేంద్రం చట్టం. విదేశీ మారకం లావాదేవీలను చూసే ఫెమా చట్టం కింద 2019లో వచ్చిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది: విదేశాల్లో ఉండే భారతీయులు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇక్కడ ఇల్లు, ప్లాటు, దుకాణం ఏదైనా కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోటల భూమి, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. పాస్‌పోర్టు ఇండియాదే అయినా ఉద్యోగం కోసం దేశం దాటి వెళ్లిన రోజు నుంచే ఫెమా లెక్కలో మీరు విదేశీ నివాసి.

ధరణిలో ఆ ఆప్షన్ ఇచ్చింది కొత్తగా కొనేవాళ్ల కోసం కాదు. తాత, తండ్రి నుంచి వారసత్వంగా భూమి వచ్చినవాళ్లున్నారు, ఇక్కడ ఉన్నప్పుడే కొనుక్కుని తర్వాత విదేశాలకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్లు ఆ భూమిని ఉంచుకోవచ్చు, దానికి చట్టంలో ఏ అడ్డూ లేదు. వాళ్లకూ పాసుబుక్కు కావాలి కదా.

భూమిపుత్ర
సరే సార్. మరి రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ ఎందుకు ఆపరు? నేను చేయించిన వాటిలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

లెక్కల_మనిషి
అక్కడ చూసేది ఆధార్, పాన్, అమ్మేవాడి హక్కు. కొనేవాడు ఎక్కడ నివాసం ఉంటున్నాడో తేల్చడం వాళ్ల పని కాదు. ఈ విషయం బయటపడేది తర్వాతే. భూమి అమ్మి డబ్బు డాలర్లలో పంపుకుందామనుకున్నప్పుడు బ్యాంకు కాగితాలు అడుగుతుంది, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలంటుంది. అప్పుడు సేల్ డీడ్‌లో "వ్యవసాయ భూమి" అని, తేదీ చూస్తే మీరు అమెరికాలో ఉన్నప్పటిదని కనిపిస్తుంది. ఫెమాలో జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వేయొచ్చు. రిజర్వ్ బ్యాంకు దగ్గర రాజీ చేసుకునే దారి ఉంది గానీ, ముందు ఆ తప్పు సరిదిద్దుకోవాలి. అంటే చాలా సందర్భాల్లో ఆ భూమిని వదులుకోవాల్సిందే.

పాలమూరు_బిడ్డ
సార్, ఆ భూమిలో పదేళ్లుగా ఎవరూ సాగు చేయడం లేదు. అంతా రాళ్లు, తుమ్మచెట్లే. దాన్ని కూడా వ్యవసాయ భూమి అనే అంటారా? ఇంకోటి, కొన్న తర్వాత నాలా చేయిస్తే అప్పుడైనా సక్రమం అవుతుంది కదా?

మాజీ_గిర్దావర్
బాబూ, నేను రెవెన్యూలో చేసి రిటైర్ అయ్యాను. మొదటి ప్రశ్నకు నేను చెప్తాను. చేలో రాళ్లున్నాయా, జొన్న ఉందా అన్నది ఎవరూ చూడరు. రికార్డులో వ్యవసాయ భూమిగా ఉందా లేదా అన్నదే చూస్తారు. పాసుబుక్కులో ఎక్కి ఉంది, తహసీల్దార్ దగ్గరే రిజిస్ట్రేషన్ అంటున్నారు అంటేనే అది వ్యవసాయ భూమి. నాలా అయిన భూమి తహసీల్దార్ దగ్గరికి రాదు, సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి పోతుంది. మీ కాగితం ఏ ఆఫీసులో పుడుతుందో చూస్తే చాలు, భూమి ఏ రకమో తెలిసిపోతుంది.

లెక్కల_మనిషి
గిర్దావర్ గారు సరిగ్గా చెప్పారు. రెండో ప్రశ్నకు నా జవాబు: కాదు. తప్పు జరిగేది కొన్న రోజున. ఆర్నెల్ల తర్వాత నాలా వచ్చినా, కొన్న రోజున అది వ్యవసాయ భూమే. కాబట్టి మీ మధ్యవర్తి చెప్పిన వరస తిరగేయండి. రైతు తన పేరు మీద ఉండగానే నాలా చేయించాలి. ఆ ఉత్తర్వు, అంటే ప్రొసీడింగ్స్, చేతికి వచ్చాక, వ్యవసాయేతర భూమిగా సబ్ రిజిస్ట్రార్ దగ్గర మీ పేరు మీద రిజిస్ట్రేషన్ కావాలి. డబ్బు మీ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి చెక్కు రూపంలోనో ఆన్‌లైన్‌లోనో వెళ్లాలి.

తూర్పు_గాలి
మా ఏపీలో నాలా చట్టాన్నే 2025లో రద్దు చేసేశారండి. కన్వర్షన్ గొడవే లేదిక. మీరు గుంటూరు వైపో నెల్లూరు వైపో చూసుకోండి, ఎన్నారైలకు అక్కడ ఏ ఇబ్బందీ ఉండదు.

లెక్కల_మనిషి
తూర్పు_గాలి గారూ, అక్కడ రద్దయింది భూమి వాడకం మార్చుకోవడానికి తీసుకునే నాలా అనుమతి. ఎన్నారై వ్యవసాయ భూమి కొనకూడదన్నది కేంద్రం రూలు, అది నెల్లూరుకూ షాద్‌నగర్‌కూ ఒకటే. పైగా నాలా ప్రొసీడింగ్స్ అనే కాగితమే లేకపోతే, కొన్న రోజున అది వ్యవసాయేతర భూమే అని దేనితో చూపించాలన్న ప్రశ్న వస్తుంది. ఏపీలో కొనే ఎన్నారైలు ఆ విషయం లాయరును విడిగా అడగాలి.

నల్లగొండ_కోడలు
నాది వేరే కథ. మా మామగారు పోయాక నల్లగొండ దగ్గర రెండెకరాలు మా ఆయన పేరు మీదకు వచ్చాయి. మేము న్యూజెర్సీలో ఉంటాం. పక్క పొలం వాళ్ల అబ్బాయి ఆస్ట్రేలియాలో ఉన్నాడు, తను కొంటానన్నాడు. అంతా మాట్లాడుకున్నాక మా బ్యాంకు వాళ్లు చెప్పారు, మీరు అమ్మొచ్చు గానీ ఇండియాలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి అని. ఆ అబ్బాయికి ఇవ్వకుండా, ఊళ్లోనే ఉండే వాళ్ల అన్నకు అమ్మాం. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడింది. వారసత్వంగా వచ్చిన భూమి ఉన్నవాళ్లు అమ్మేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరూ ముందుగా చెప్పరు.

పాలమూరు_బిడ్డ
థాంక్స్ అక్కా. లెక్కల సార్, ఇప్పుడు నా సమస్య ఏంటంటే, నిన్న ఫోన్ చేసి ముందు నాలా చేయించమంటే రైతు ఒప్పుకోవడం లేదు. "నాకెందుకయ్యా ఆ తలనొప్పి, పొలంగానే తీసుకుంటే తీసుకో" అంటున్నాడు. ఫీజు నేనే కడతానన్నా వినడం లేదు.

లెక్కల_మనిషి
ఆయన భయంలో అర్థం ఉంది. పట్టణానికి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే రైతుకు ఆదాయపు పన్ను లేదు, ఎందుకంటే పన్ను చట్టం దాన్ని క్యాపిటల్ ఆస్తిగానే చూడదు. అదే భూమి నాలా చేయించి అమ్మితే అది మామూలు స్థిరాస్తి అవుతుంది, లాభం మీద పన్ను పడుతుంది. తాతల కాలం నాటి భూమి కాబట్టి లాభం దాదాపు మొత్తం ధర అంత ఉంటుంది. రైతుకు ఎవరో ఈ మాట చెప్పి ఉంటారు. అందుకని ఫీజు నేను కడతానంటే సరిపోదు, ఆ పన్ను భారం ఎవరిదో కూడా ధరలో మాట్లాడుకోవాలి. షాద్‌నగర్ మున్సిపాలిటీ హద్దు నుంచి ఆ ఊరు ఎంత దూరమో ముందు చూడండి. హద్దుకు మరీ దగ్గరైతే పొలంగా అమ్మినా ఆయనకు పన్ను ఎలాగూ పడొచ్చు, అప్పుడు ఆయనను ఒప్పించడం తేలిక.

మాజీ_గిర్దావర్
ఇంకో భయం కూడా ఉంటుంది బాబూ. నాలా చేయించాక కొనేవాడు వెనక్కి తగ్గితే రైతు ఏం కావాలి? ఆ భూమికి రైతు భరోసా పోతుంది, పంట రుణం రాదు, తిరిగి వ్యవసాయ భూమిగా మార్చుకోవడం మామూలు పని కాదు. అందుకని నేను చూసిన మంచి బేరాల్లో ఒప్పందం కాగితం మీదే రాసుకునేవారు. నాలా ప్రొసీడింగ్స్ వచ్చిన ఇన్ని రోజుల్లో కొనేవాడు రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్సు రైతుదే అని. మీరు వెనకాడకుండా అలా రాయండి, రైతు మెత్తబడతాడు.

మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలాగే ఎన్నారైగా కొన్నాడు, దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నాను. అమ్మేవాడికి ఒకటే సర్వే నంబరులో 1 ఎకరం 8 గుంటలు ఉంది, అందులో 30 గుంటలకు నాలా కావాలి. రైతు పోర్టల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం పెట్టి, అక్కడ చూపించిన ఫీజు కట్టాడు. ఫీజు ప్రభుత్వం నిర్ణయించిన భూమి పుస్తక విలువ మీద శాతంగా ఉంటుంది. కొనే ధరతో దానికి సంబంధం లేదు. ప్రొసీడింగ్స్ వచ్చాక మేము మొదట చూసింది రైతు మిగులు. రికార్డులో 1 ఎకరం 8 గుంటల నుంచి 30 పోయి 18 గుంటలే మిగలాలి. అది సరిపోయింది. తర్వాత వచ్చిన చిక్కు వేరు. నాలా కాగితంలో 30 గుంటలు అని ఉంటుంది, ఆ 30 ఏ వైపువో ఉండదు. రోడ్డు వైపు 30 అని మనం అనుకుంటాం, రేపు ఆయన కొడుకు లోపలి వైపు అంటాడు. కాబట్టి సర్వేయర్‌తో కొలిపించి, హద్దు రాళ్లు పాతించి, ఆ స్కెచ్‌ను డీడ్‌కు జతచేశాం. డీడ్‌లో 30 గుంటలతో పాటు 3,630 గజాలని కూడా రాయించాం, గుంటకు 121 గజాల లెక్కన. నాలుగు హద్దులు పక్కవాళ్ల పేర్లతో సహా రాయించాం.

భూమిపుత్ర
గిర్దావర్ గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. హద్దుల గొడవలే ఎక్కువ వస్తాయి. ఒక్క మాట, ఖర్చు గురించి కూడా చెప్పండి. పొలంగా చేస్తే ఎకరం రేటు మీద లెక్క, నాలా తర్వాత గజం రేటు మీద లెక్క. చాలా ఊళ్లలో గజం రేటుతో లెక్కేస్తే పుస్తక విలువే ఎన్నో రెట్లు అవుతుంది. స్టాంపు డ్యూటీ, ఫీజులు కలిపి 7.5 శాతం. మాటకు గజం 1,000 అనుకున్నా 3,630 గజాలకు 36.3 లక్షలు, దాని మీద 2.72 లక్షల పైమాట. మధ్యవర్తులం పొలంగానే చేయించుకోమని చెప్పేది దీని వల్లే, మోసం చేయాలని కాదు.

పాలమూరు_బిడ్డ
అర్థమైంది అన్నా. ఇంకొక దారి ఇంట్లో అనుకుంటున్నాం. నాన్న కొత్తూరులోనే ఉంటారు. డబ్బు నేను పంపి, భూమి నాన్న పేరు మీద కొని, తర్వాత ఆయన నాకు గిఫ్ట్ డీడ్ రాస్తే?

లెక్కల_మనిషి
దీన్ని రెండుగా విడదీసి చూడండి. వ్యవసాయ భూమిని నాన్న మీకు గిఫ్ట్‌గా రాయకూడదు, ఎన్నారై గిఫ్ట్‌గానూ తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రమే రావచ్చు. ఆయన పేరు మీద నాలా అయ్యాక గిఫ్ట్ రాస్తే అది వేరే సంగతి, దానికి ఫెమా అడ్డు చెప్పదు.

ఎక్కువ ఆలోచించాల్సింది డబ్బు దగ్గర. మీ డబ్బుతో, మీ కోసం, ఆయన పేరు మీద కొంటే అది బినామీ చట్టం కిందకు వస్తుంది. భార్య, పిల్లల పేరు మీద కొంటే మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు, అన్నదమ్ముల విషయంలో మినహాయింపు కావాలంటే కాగితంలో మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. అలా ఉమ్మడిగా పెడితే మళ్లీ ఫెమా అడ్డొస్తుంది. బినామీ అని తేలితే ఆస్తి జప్తు చేస్తారు, జైలు శిక్ష కూడా ఏడాది నుంచి ఏడేళ్ల దాకా ఉంది.

నాన్నకు నిజంగానే డబ్బు ఇచ్చేసి, ఆయన తన కోసం కొనుక్కుంటే తప్పు లేదు. కొడుకు ఇచ్చిన డబ్బుకు ఆయనకు పన్ను కూడా లేదు. అప్పుడు ఆ భూమి నిజంగా ఆయనదే. దాన్ని ఎవరికి ఇవ్వాలన్నది ఆయన ఇష్టం, వీలునామా లేకుండా పోతే మీ అక్కచెల్లెళ్లకూ సమాన వాటా ఉంటుంది. దీనికి మీ మనసు సిద్ధమైతేనే ఆ దారి పట్టండి.

నల్లగొండ_కోడలు
మా ఇంట్లో గొడవ సరిగ్గా ఇక్కడే వచ్చింది. డబ్బు మా ఆయన పంపారు, కాగితం మామగారి పేరు మీద ఉంది, ఆడబిడ్డలు వాటా అడిగారు. అడగడం వాళ్ల హక్కే. మేము ఇచ్చేశాం.

మెల్‌బోర్న్_తాత
నాకు ఒక సందేహం. నేను ఆస్ట్రేలియా పౌరుణ్ని, ఓసీఐ కార్డు ఉంది. మూడేళ్ల క్రితం హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను, ఇక్కడే పన్ను కడుతున్నాను. ఇప్పుడు నేను విదేశీ నివాసిని కాను కదా. నాకు వికారాబాద్ వైపు రెండెకరాల మామిడితోట కొనుక్కోవాలని ఉంది. కొనొచ్చా?

లెక్కల_మనిషి
తాతగారూ, ఇక్కడ నిపుణులు కూడా ఏకాభిప్రాయంతో లేరు. ఫెమాలోని ఆ నిషేధం విదేశాల్లో నివసించేవాళ్ల గురించి రాసింది, మీరు నివాసి కాబట్టి అది వర్తించదని కొందరు లాయర్లు వాదిస్తారు. కానీ 2021 మార్చి 4న కేంద్ర హోం శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఓసీఐలకు ఎన్నారైలతో సమానంగా ఆస్తి కొనే హక్కు ఇస్తూ, వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలను పక్కన పెట్టారు. నా క్లయింట్లకైతే నేను కొనొద్దనే చెప్తున్నాను. భారత పౌరుడైన ఎన్నారై తిరిగొచ్చి స్థిరపడితే మాత్రం ఈ ఇబ్బంది లేదు, కొనుక్కోవచ్చు.

మెల్‌బోర్న్_తాత
మరి ఫామ్ ప్లాట్లని అమ్ముతున్నారు కదా, పది గుంటలు, ఐదు గుంటలు. మొన్న ఒక కంపెనీ వాళ్లు కారులో తీసుకెళ్లి చూపించారు. గేటు, లోపల రోడ్లు, మొక్కలు అన్నీ ఉన్నాయి. అది ప్లాటే కదా, పొలం కాదుగా?

మాజీ_గిర్దావర్
సార్, గేటు పెట్టినంత మాత్రాన పొలం ప్లాటు అవ్వదు. వాళ్లు ఇచ్చే కాగితంలో సర్వే నంబరు, గుంటలు ఉంటాయి, రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర. అంటే అది పొలమే. అనుమతి లేని లేఅవుట్‌లను తెలంగాణలో పంచాయతీరాజ్ చట్టం, మున్సిపల్ చట్టం రెండూ ఒప్పుకోవు. 20 గుంటల కంటే తక్కువగా ముక్కలు చేసి ఫామ్ ప్లాట్లుగా అమ్మేవి కొనొద్దని హైడ్రా కూడా హెచ్చరించింది. రేపు ఐదు గుంటల్లో ఇల్లు కడదామంటే పర్మిషన్ రాదు. ముందు "లేఅవుట్ అనుమతి నంబరు ఎంత?" అని అడగండి. నాలా కాగితం చూపిస్తే అది జవాబు కాదు.

పాలమూరు_బిడ్డ
అదేంటి సార్, నాలా అయితే ఇల్లు కట్టుకోవచ్చు అనే కదా నేను అనుకుంటున్నాను?

మాజీ_గిర్దావర్
అదే చాలామంది పొరబడే చోటు బాబూ. నాలా రెవెన్యూ వాళ్లు ఇచ్చేది. ఇల్లు కట్టడానికి పర్మిషన్ పంచాయతీ, మున్సిపాలిటీ లేదా హెచ్‌ఎండీఏ ఇవ్వాలి. వాళ్లు మాస్టర్ ప్లాన్ చూస్తారు. ఆ సర్వే నంబరు ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌లో ఉంటే నాలా చేతిలో ఉన్నా లేఅవుట్ రాదు. జోన్ మార్పించుకోవాలంటే ప్రభుత్వం దాకా వెళ్లాలి, అది వేరే దరఖాస్తు, వేరే ఫీజు, ఎప్పుడవుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని అడ్వాన్సు ఇవ్వకముందే ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో కాగితం తెచ్చుకోండి. రెండోది రోడ్డు. బండి దారి ఉంది కదా అంటే కుదరదు. రికార్డులో ఉన్న రోడ్డు కావాలి, వెడల్పు సాధారణంగా 30 అడుగులు అడుగుతారు. మీ రైతు చూపించే దారి పక్కవాడి పొలంలోంచి వస్తోందేమో చూడండి.

భూమిపుత్ర
ఆ ఊరి పేరు నాకు పర్సనల్‌గా పంపు తమ్ముడూ. చౌలపల్లి వైపు అయితే దారి గొడవలు నాకు తెలుసు. కమీషన్ సంగతి తర్వాత.

తూర్పు_గాలి
ఇంతకీ అసైన్డ్ భూమి అయితే నాలా ఇస్తారా? మా దగ్గర అది ఇప్పుడు అమ్ముకోవచ్చంటున్నారు.

మాజీ_గిర్దావర్
తెలంగాణలో అసైన్డ్ భూమి అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం కుదరదండి, కొన్నా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. అలాగే ఏజెన్సీ ఏరియాలో గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం ఉంది, అక్కడ గిరిజనేతరులు కొనలేరు, హైదరాబాద్‌లో ఉండేవాడైనా, అమెరికాలో ఉండేవాడైనా. షాద్‌నగర్ ఏజెన్సీ కాదు కాబట్టి ఈ అబ్బాయికి ఆ బెడద లేదు. పాత పహాణీలు 1954-55 నుంచి తీసి, లావుణి అనో అసైన్డ్ అనో ఎక్కడైనా ఉందేమో మాత్రం చూసుకోవాలి.

పాలమూరు_బిడ్డ
రైతుతో మళ్లీ మాట్లాడాను. నాలా తర్వాత నేను కొనకపోతే అడ్వాన్సు ఆయనదే అని రాస్తానంటే కొంచెం మెత్తబడ్డాడు. పన్ను మాత్రం నేనే పెట్టుకోవాలంటున్నాడు. ఊరు మున్సిపాలిటీ హద్దు నుంచి ఎంత దూరమో నాన్న కనుక్కుంటున్నారు. జోన్ కాగితం కోసం అప్లై చేశాం, అది వచ్చేదాకా ఒక్క రూపాయి ఇవ్వను. ఒక డౌట్ మిగిలింది. అగ్రిమెంటు వ్యవసాయ భూమిగా ఉన్నప్పుడే నా పేరు మీద రాసుకుంటున్నాం కదా, ఆ అగ్రిమెంటే ఫెమాకు తప్పు అవుతుందా?

లెక్కల_మనిషి
మంచి ప్రశ్న. అగ్రిమెంటుతో హక్కు మీకు బదిలీ కాదు, సేల్ డీడ్‌తోనే అవుతుంది. అయినా వాక్యాలు జాగ్రత్తగా రాయించండి. "నాలా ప్రొసీడింగ్స్ వచ్చాక, వ్యవసాయేతర భూమిగా మాత్రమే అమ్మకం జరుగుతుంది, రాకపోతే ఒప్పందం రద్దు, అడ్వాన్సు వాపసు" అని ఉండాలి. స్వాధీనం ఇప్పుడే తీసుకోకండి, కంచె వేయకండి. డబ్బు మొత్తం ముందే ఇచ్చి, స్వాధీనం తీసుకుని, రిజిస్ట్రేషన్ ఒక్కటే మిగిల్చిన అగ్రిమెంట్లు కొన్ని చూశాను, వాటిని కొనుగోలు కాదని వాదించడం కష్టం. డ్రాఫ్టు అయ్యాక ఇక్కడ పెట్టండి, పేర్లు, సర్వే నంబర్లు తీసేసి. చూసి చెప్తాను.